జాతకాలు కుదిరాయి, రక్తపరీక్ష మాటేమిటి?

విశాఖలో మా ఆఫీసువాళ్లు ఏడాదికోసారి హెల్త్ చెకప్ చేయిస్తారు. రెండేళ్లు వరసగా నా రిపోర్టు చూసి ఒకే మాట చెప్పారు: హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా ఉంది, ఐరన్ మాత్రలు వాడండి. వాడాను. అంకె కదల్లేదు. మూడో ఏడు వేరే డాక్టరమ్మ చూశారు. ఆవిడ హిమోగ్లోబిన్‌ని వదిలేసి, దాని కిందున్న రెండు అంకెల చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టారు.

"నీకు ఐరన్ తక్కువై ఇలా వచ్చినట్టు లేదు. హెచ్‌పీఎల్‌సీ అని ఒక పరీక్ష ఉంది, చేయించుకుని రా" అన్నారు.

నాలుగు రోజుల్లో రిపోర్టు వచ్చింది. నేను బీటా తలసీమియా క్యారియర్‌ని. "నీకేమీ కాదు. ఇది నీ జబ్బు కాదు, నువ్వు మోస్తున్న ఒక జన్యువు అంతే" అని చెప్పి, ఆవిడ ఇంకో ప్రశ్న వేశారు. "మీ ఇంట్లో మేనరికాలు ఉన్నాయా?"

ఉన్నాయి. చీపురుపల్లిలో మా చిన్నాన్న కూతురికీ, మా మేనత్త కొడుక్కీ అప్పటికి పెళ్లయి నాలుగు నెలలు. భోజనాల దగ్గర వడ్డించింది నేనే.

ముందు మా అమ్మకీ నాన్నకీ పరీక్ష చేయించాను. అమ్మకి ఏమీ లేదు. నాన్న క్యారియర్. అంటే ఇది మా తాత నుంచో, నాన్నమ్మ నుంచో దిగింది. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. కానీ చిన్నాన్నా, మేనత్తా వాళ్ల పిల్లలే కదా. ఆ ఆదివారం పొద్దున్నే రైలెక్కి చీపురుపల్లి వెళ్లాను.

శుభలేఖ వెనకాల గీసిన బొమ్మ

మా బావకి ఎరువుల దుకాణం ఉంది. చెల్లి ప్రైవేటు స్కూల్లో చెబుతోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం వాకిట్లో కూర్చున్నాం. నేను విషయం మొదలుపెట్టగానే బావ నవ్వేశాడు.

"ఏటి బావా, నాకు రోగమా? నిన్న అరవై బస్తాలు దింపించాను. నేనూ రెండు మోశాను."

"రోగం కాదు బావా. అదే చెబుతున్నా" అని, అల్మరాలో మిగిలిపోయిన వాళ్ల శుభలేఖ ఒకటి తీసి వెనకవైపు బొమ్మ గీశాను.

మన ఒంట్లో ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఇంటికి రెండు బోర్లున్నట్టు అనుకోండి. ఒకటి పాడైనా రెండోది నీళ్లిస్తుంది, ఇంట్లోవాళ్లకి తేడా తెలీదు. హిమోగ్లోబిన్‌లో బీటా అనే భాగాన్ని తయారుచేసే జన్యువుకి ఒక ప్రతి పాడై, రెండోది బాగున్నవాడే క్యారియర్. నేనూ, మా నాన్నా అంతే. రక్తకణాలు కాస్త చిన్నవిగా ఉంటాయి. అంతకుమించి ఏమీ ఉండదు, ముసలితనం దాకా ఏ ఇబ్బందీ లేకుండా బతుకుతాం.

చిక్కు ఎక్కడంటే, ఇద్దరు క్యారియర్లకి పిల్లలు పుట్టినప్పుడు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకి రెండువైపుల నుంచీ పాడైన ప్రతే వచ్చేందుకు. రెండు వంతులు క్యారియర్ అయ్యేందుకు, ఒక వంతు ఏమీ లేకుండా ఉండేందుకు. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని లెక్క కాదు. ప్రతిసారీ నాణెం కొత్తగా ఎగరేసినట్టే.

రెండు ప్రతులూ పాడైన బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే ఉంటుంది. కడుపులో ఉన్నప్పుడు వాడే హిమోగ్లోబిన్ వేరు, అది కొన్ని నెలలు కాస్తుంది. అది తగ్గేకొద్దీ బిడ్డ పాలిపోతుంది, పాలు తాగదు, పొట్ట ఉబ్బుతుంది. ఎక్కువమందిలో రెండేళ్లు నిండేలోపే బయటపడుతుంది. అక్కణ్నుంచి రెండు మూడు, మహా అయితే నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది కాబట్టి దాన్ని బయటకి తోసే మందు జీవితాంతం వాడాలి. పూర్తిగా నయం కావాలంటే సరిపోయే దాత దొరికి మూలకణాల మార్పిడి జరగాలి. సొంత తోబుట్టువు అలా సరిపోవడానికి ఉన్న అవకాశం కూడా నాలుగింట ఒకటే.

నేను రిపోర్టు కోసం వెళ్లినరోజు పక్క కుర్చీలో ఒకాయన ఏడేళ్ల బాబుతో కూర్చున్నాడు. పాలకొండ వైపు నుంచి మూడు వారాలకోసారి బస్సులో వస్తారట. బాబు సెల్‌ఫోన్లో ఆట ఆడుకుంటూ, సూది గుచ్చే చెయ్యి తనే చాచి పెట్టాడు. ఏడుపు ఎప్పుడో మానేశాడు. ఆ సంగతి చెబితే చెల్లి బొమ్మ మీదనుంచి తలెత్తలేదు.

మన ఇంటి లెక్క

"మరి మాకెంత?" అంది కాసేపటికి. టీచరు కదా, అంకె కావాలి.

తాతా నాన్నమ్మల్లో ఒకరు క్యారియర్. వాళ్ల ప్రతి బిడ్డకీ సగం అవకాశం. నాన్నకి వచ్చిందని తెలిసిపోయింది. చిన్నాన్నకి సగం, ఆయన నుంచి చెల్లికి రావడానికి అందులో సగం, అంటే నాలుగింట ఒకటి. మేనత్త ద్వారా బావకీ అంతే, నాలుగింట ఒకటి. ఇద్దరికీ ఉండటానికి 16లో ఒకటి. అప్పుడు బిడ్డకి జబ్బు రావడానికి మళ్లీ నాలుగింట ఒకటి. మొత్తం 64లో ఒకటి.

ఇది పెద్దదా, చిన్నదా? మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు బీటా తలసీమియా క్యారియర్లు. ముప్పైమందిలో ఒకరు అనుకుంటే, చుట్టరికం లేని ఇద్దరు పెళ్లి చేసుకున్నప్పుడు బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 3,600లో ఒకటి. మా ఇంట్లో 64లో ఒకటి. తలుపు దగ్గర నిలబడి వింటున్న మేనత్త అందుకుంది.

"మా అమ్మానాన్నలదీ మేనరికమేరా. మేం ముగ్గురం గుండ్రాళ్లలాగ లేమేటి?"

అత్త మాట అబద్ధం కాదు. 64లో ఒకటంటే 63 సార్లు ఏమీ కాదనే కదా. అందుకే ఊళ్లో మేనరికాలు చూసినవాళ్లు మా కళ్లముందు ఎవరికీ ఏమీ కాలేదంటారు. కానీ ఆ 64లో మనం ఎక్కడున్నామో రెండు చుక్కల రక్తంతో తెలుస్తుంటే, ఊహించుకుంటూ కూర్చోవడం దేనికి?

హాల్డేన్ దొర అడిగిన ప్రశ్న

ఈ జన్యువు ఇంతమందిలో ఎందుకుంది? దీనికి జవాబు చెప్పినవాళ్లలో మొదటివాడు జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. తలసీమియా క్యారియర్ల చిన్న రక్తకణాలు మలేరియాని తట్టుకుంటాయేమో, అందుకే మలేరియా ఉన్నచోట ఈ జన్యువు నిలబడిందేమో అని 1949లో అన్నాడు. తర్వాత జరిగిన పరిశోధనలు ఆ ఆలోచనకి బలమిచ్చాయి. అంటే మా తాతముత్తాతల్లో ఎవరినో జ్వరం నుంచి కాపాడిన గుణమే ఇప్పుడు మా బొమ్మలో సున్నా అయి కూర్చుంది. ఎవరి తప్పూ లేదు, ఎవరి పాపమూ కాదు.

అదే హాల్డేన్ 1957లో ఇండియా వచ్చేసి, చివరికి మన రైలు దారిలోనే ఉన్న భువనేశ్వర్‌లో స్థిరపడి 1964లో అక్కడే పోయారు. ఆయనకి మన మేనరికాల మీద ఆసక్తి. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రాలో ఎన్ని పెళ్లిళ్లు చుట్టరికంలో జరుగుతున్నాయో, వాటి ఫలితాలేమిటో లెక్కగట్టి 1960లోనూ 1963లోనూ వ్యాసాలు ప్రచురించారు. అరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు చుట్టరికంలోనే.

చౌక పరీక్ష ముందు, ఖరీదైనది తర్వాత

చిన్న ఊళ్లోనైనా అయ్యే పరీక్ష సీబీసీ. రెండు మూడు వందల్లో అయిపోతుంది. అందులో హిమోగ్లోబిన్ ఒక్కటీ చూసి ఊరుకోకూడదు. ఎంసీవీ అంటే ఎర్ర రక్తకణం సైజు. అది 80 కంటే తక్కువుంటే కణాలు చిన్నవని. చిన్నవి కావడానికి మన దగ్గర రెండే పెద్ద కారణాలు: ఐరన్ లోపం, తలసీమియా క్యారియర్ కావడం. రెండింటినీ విడదీయడానికి డాక్టర్లు ఒక చిట్కా లెక్క వేస్తారు. ఎంసీవీని ఆర్‌బీసీ సంఖ్యతో భాగిస్తారు. ఐరన్ లేకపోతే ఒంట్లో కణాలు చిన్నవే కాదు, తక్కువ కూడా అవుతాయి. క్యారియర్‌లో చిన్నవే గానీ సంఖ్య ఎక్కువ. కాబట్టి భాగిస్తే 13 కంటే తక్కువ వస్తే తలసీమియా వైపు అనుమానం, ఎక్కువ వస్తే ఐరన్ వైపు. నా రిపోర్టులో 65ని 6.1తో భాగిస్తే 10.7 వచ్చింది. మా డాక్టరమ్మ సున్నాలు చుట్టింది ఈ రెండింటికే.

ఇది అనుమానమే, తీర్పు కాదు. తేల్చేది హెచ్‌పీఎల్‌సీ. రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో ఆ యంత్రం విడదీసి చూపిస్తుంది. హెచ్‌బీఏ2 అనే రకం మామూలుగా మూడు శాతం లోపు, కాస్త అటూ ఇటూ ఉంటుంది. నాలుగు దాటితే బీటా తలసీమియా క్యారియర్ అని చెప్పేస్తారు. మూడున్నరకీ నాలుగుకీ మధ్య ఉంటే డీఎన్ఏ పరీక్ష దాకా వెళ్లాల్సి రావచ్చు. నాకు 5.4 వచ్చింది. సికిల్ సెల్ లక్షణం ఉన్నా ఇదే పరీక్షలో కనబడుతుంది. మన పక్కనే ఏజెన్సీ ఉంది కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి: ఒకరు సికిల్ క్యారియర్, ఇంకొకరు తలసీమియా క్యారియర్ అయినా బిడ్డకి జబ్బు రావచ్చు. ఈమధ్య మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే దాత రక్తం కూడా కలిసి లెక్క తప్పుతుంది.

మామూలుగా మన ఇళ్లలో ఆడపిల్లని ఒక్కదాన్నే పరీక్షకి పంపిస్తారు. మా ఇంట్లో ఇద్దరూ ఒకేసారి ఇచ్చారు. బావ చెల్లి కంటే ముందు చెయ్యి చాచాడు. అరవై బస్తాల పరువు.

"నార్మల్" అన్న మాట దగ్గర ఆగాం

వారానికి రెండు రిపోర్టులూ వచ్చాయి. బావది: హిమోగ్లోబిన్ 12.8, ఎంసీవీ 64, ఆర్‌బీసీ 5.9, హెచ్‌బీఏ2 5.6. క్యారియర్. చెల్లిది: హిమోగ్లోబిన్ 9.6, ఎంసీవీ 70, ఆర్‌బీసీ 4.1, హెచ్‌బీఏ2 2.2. చివర "నార్మల్" అని రాసుంది. అత్త దేవుడి గది వైపు తిరిగి దండం పెట్టేసింది. నేనూ ఊపిరి పీల్చుకున్నా.

విశాఖలో జన్యు వైద్యుణ్ని కలిస్తే, ఆయన మాత్రం ఆ మాట దగ్గరే ఆగారు. "ఈ అమ్మాయికి ఐరన్ బాగా తక్కువ. ఐరన్ తక్కువున్నప్పుడు హెచ్‌బీఏ2 కిందకి పడిపోతుంది. నిజంగా క్యారియర్ అయినా మామూలుగా కనబడొచ్చు. అవతల భర్త క్యారియర్, పైగా మేనరికం. ఈ ఒక్క కాగితం నమ్మి వదిలెయ్యలేం."

బావ రిపోర్టు వచ్చాక మా లెక్క కూడా మారిపోయిందని గమనించండి. బావ అవకాశం నాలుగింట ఒకటి కాదు, ఖాయం. చెల్లిది ఇంకా నాలుగింట ఒకటే. అంటే 64లో ఒకటి కాస్తా 16లో ఒకటి అయింది.

ఆయన రెండు పనులు చెప్పారు. ఒకటి, ఫెరిటిన్ చూసి, మూడు నెలలు ఐరన్ వాడి, మళ్లీ పరీక్ష. రెండోది, బావ జన్యువులో పాడైంది ఎక్కడో డీఎన్ఏ పరీక్షతో కనిపెట్టి, అదే చెల్లిలో ఉందేమో వెతకడం. మన దేశంలో బీటా తలసీమియాకి కారణమయ్యే మార్పులు చాలా ఉన్నా, ఎక్కువమందిలో కనబడేవి ఐదారే. బావకి వచ్చింది వాటిలోకెల్లా మామూలుది.

ఆ మూడు నెలలూ ఇంట్లో ఎవరూ పిల్లల మాట ఎత్తలేదు. చెల్లి మాత్ర మింగిన రోజుల్ని గోడ క్యాలెండర్ మీద టిక్కు పెట్టింది. టీ తాగిన వెంటనే మాత్ర వేసుకుంటే ఐరన్ ఒంటబట్టదని చెబితే, ఉదయం టీని పదింటికి జరిపింది. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 12.2, ఎంసీవీ 84, హెచ్‌బీఏ2 2.6. కణాల సైజు పెరిగి మామూలైపోయిందంటే ఆ చిన్నతనం ఐరన్ వల్లే అన్నమాట. డీఎన్ఏలోనూ బావలో ఉన్న మార్పు చెల్లిలో లేదు. వాళ్ల పిల్లలకి తలసీమియా జబ్బు వచ్చే భయం ఇక లేనట్టే. క్యారియర్ అయ్యే అవకాశం మాత్రం ప్రతి బిడ్డకీ సగం.

ఇద్దరూ క్యారియర్లే అయ్యుంటే?

ఆ మూడు నెలల్లో మేం ఈ దారి కూడా అడిగి తెలుసుకున్నాం. గర్భం వచ్చాక 11వ వారం నుంచి మాయలోంచి చిన్న ముక్క తీసి, లేదా 16వ వారం తర్వాత ఉమ్మనీరు తీసి బిడ్డ డీఎన్ఏ చూడొచ్చు. గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది, నూటికి ఒకటి లోపే. బిడ్డకి జబ్బుందని తేలితే కొనసాగించాలా, వద్దా అన్నది ఆ దంపతుల నిర్ణయం. చట్టం అందుకు వ్యవధి ఇస్తుంది. ఇంకో దారి ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించి ఎంచుకోవడం. అది ఖరీదైనది, ప్రతిసారీ గర్భం నిలుస్తుందని లేదు.

గర్భానికి ముందే ఎందుకు అనేది ఇక్కడే అర్థమవుతుంది. బిడ్డలో ఏం వెతకాలో తెలియాలంటే తల్లిదండ్రులిద్దరిలోనూ ఏ మార్పుందో ముందు తెలియాలి. దానికే రెండు మూడు వారాలు పడుతుంది. మూడో నెలలో తొలిసారి డాక్టరు దగ్గరికి వెళ్లి, భార్యకి సీబీసీ, తర్వాత హెచ్‌పీఎల్‌సీ, తర్వాత ఊళ్లో లేని భర్తకి కబురు, ఆపైన డీఎన్ఏ అంటే, వారాలు చేతుల్లోంచి జారిపోతాయి. చెల్లికి ఐరన్ కోసం ఆగిన మూడు నెలలు, గర్భంలో ఉండి ఆగగలిగేవి కావు.

తలసీమియా ఒక్కటేనా?

"అయితే ఇక మేం నిశ్చింతగా ఉండొచ్చా?" అని బావ అడిగాడు. డాక్టరుగారు ఒక లెక్క చెప్పారు. రెండువందల మందిలో ఒకరు మోసే ఒక అరుదైన జబ్బు ఉందనుకోండి. చుట్టరికం లేనివాళ్ల బిడ్డకి అది వచ్చే అవకాశం 1,60,000లో ఒకటి. మేనరికంలో, ఒకరికి ఉంటే రెండోవారికీ అదే ఉండటానికి ఎనిమిదింట ఒక వంతు, కాబట్టి 6,400లో ఒకటి. ఇరవై ఐదు రెట్లు. జబ్బు ఎంత అరుదైతే మేనరికంలో అన్ని రెట్లు పెరుగుతుంది. మేనమామని చేసుకుంటే చుట్టరికం ఇంకా దగ్గర, ముప్పు ఇంకా ఎక్కువ.

అలాంటి అరుదైనవి వందల్లో ఉన్నాయి. అన్నీ కలిపితే, ఏ దంపతుల బిడ్డకైనా పుట్టుకతో పెద్ద లోపం ఉండే అవకాశం నూటికి రెండు మూడైతే, మేనరికంలో నాలుగు నుంచి ఆరు. నూటికి తొంభైనాలుగు మంది బాగానే పుడతారు. కానీ ఆ ఎక్కువైన రెండు మూడులో వెతకదగ్గవి కొన్ని ఉన్నాయి. అందుకు ఒకేసారి వందల జన్యువులు చూసే పరీక్ష ఉంది. ఖర్చు వేలల్లో. మేనరికం వాళ్లకి దీన్ని జంటగా చేయించమంటారు, ఎందుకంటే ఒక్కొక్కరిలో ఏదో ఒకటి దొరకడం మామూలే. చూడాల్సింది ఇద్దరిలోనూ ఒకే జన్యువు పాడైందా అని. వెన్నుపూస నరాల జబ్బు ఎస్ఎంఏ ఆ జాబితాలో ఉందో లేదో విడిగా అడగమన్నారు, అన్ని పద్ధతులూ దాన్ని పట్టుకోలేవట. పరీక్షకి అందని జబ్బులూ ఉంటాయి, అర్థం తేలని మార్పులూ కనబడతాయి. మా వాళ్లు ఇచ్చారు. చెల్లిలో ఒకటి, బావలో రెండు దొరికాయి. ఏదీ ఉమ్మడి కాదు. ముప్పు తగ్గింది. సున్నా కాలేదు, ఏ పరీక్షా సున్నా చెయ్యదు.

చెప్పాలా, దాచాలా?

ఇప్పుడు మా ఇంట్లో గొడవ నా గురించి. సంబంధాలు చూస్తున్నారు. "ఈ సంగతి పెళ్లయ్యేదాకా ఎవరికీ చెప్పకు, రోగిష్టివంటారు" అని అమ్మ. సైప్రస్ దేశంలో ఏడుగురిలో ఒకరు క్యారియర్. అక్కడ చర్చిలో పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్న కాగితం అడుగుతారు. ఇద్దరూ క్యారియర్లైనా పెళ్లి ఆపరు, తెలిసి చేసుకుంటారు. జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. నేనిది చెబితే అమ్మ "అది సైప్రస్, ఇది చీపురుపల్లి" అంది.

పోయిన నెల ఒక సంబంధంవాళ్లు ఫోన్ చేసినప్పుడు నేనే అమ్మాయితో మాట్లాడి చెప్పేశా. నేను క్యారియర్‌ని, మీరొక్కసారి సీబీసీ, హెచ్‌పీఎల్‌సీ చేయించుకుంటే చాలు, మీకు లేకపోతే మన పిల్లలకి ఈ జబ్బు భయం ఉండదు అని. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆ అమ్మాయి, "ఆ పరీక్షకి పరగడుపున వెళ్లాలా?" అని అడిగింది.

అక్కర్లేదని చెప్పాను.